పండుగ లెహంగాల సంరక్షణ: ఆర్గంజా, నెట్, టుల్ వస్త్రాల బిరుసుదనం ఎక్కడిది, ఎలా నిలుపుకోవాలి

కోల్‌కతా: దుర్గాపూజ నాటికి వర్షాకాలం కోల్‌కతాను పూర్తిగా విడిచిపోదు. సెప్టెంబరు నెలాఖరు, అక్టోబరు రోజుల్లో గాలిలో తేమ అధికంగా ఉంటుంది. సప్తమి, అష్టమి రాత్రుల్లో జల్లులు పడటమూ అరుదు కాదు. గంట ఆకారంలో నిండుగా నిలవవలసిన లెహంగా ఆ గాలిలో కొన్ని గంటలకే జారిపోయి కాళ్లకు చుట్టుకుంటుంది. మండపం వద్ద కట్టిన వెదురు కంచెకు నెట్ చిక్కి చినుగుతుంది. పండుగ తరువాత ప్లాస్టిక్ సంచిలో మడిచిపెట్టిన వస్త్రం మరుసటి ఏడాది పసుపు మరకలతో బయటపడుతుంది. విశాఖపట్నం, కాకినాడ వంటి తీరప్రాంత నగరాల్లో దసరాకు, పెళ్లిళ్లకు ఇటువంటి దుస్తులు ధరించేవారికీ ఈ అనుభవాలు కొత్తవి కావు.

ఈ ఇబ్బందుల్లో అధికభాగం లెహంగాను ఒకే వస్త్రంగా భావించడం వల్ల కలుగుతున్నవే. బడాబజార్ టోకు దుకాణాల్లో గానీ, గడియాహాట్‌లో గానీ లభించే పండుగ లెహంగాలో సాధారణంగా మూడు పొరలు ఉంటాయి. పైన ఆర్గంజా లేదా మెత్తని టుల్, దాని కింద నిండుదనం కోసం క్యాన్‌క్యాన్ అని పిలిచే గరుకు నెట్, ఒంటికి తగిలే వైపు నునుపైన లైనింగు అమరుస్తారు. ఒక్కో పొర బిరుసుదనానికి ఒక్కో కారణం ఉంది. ఆ కారణం తెలిస్తే నీరు, వేడి, మడత అనే మూడింటిలో ఏది ఏ పొరకు హానికరమో స్పష్టమవుతుంది.

నేసినది, అల్లినది

ఆర్గంజా మగ్గంపై నేసిన వస్త్రం. సన్నని, గట్టిగా పురిపెట్టిన పోగులను నిలువు పడుగుగా, అడ్డు పేకగా పలుచగా నేస్తారు. నెట్, టుల్ రెండూ వల వంటి కన్నులు గల వస్త్రాలు. ఫ్రాన్స్‌లోని టుల్ పట్టణం పేరే ఆ వస్త్రానికి నిలిచింది. 19వ శతాబ్ది తొలి దశకంలో ఇంగ్లండ్‌కు చెందిన జాన్ హీత్‌కోట్ ఆరు కోణాల కన్నులు గల వలను యంత్రంపై తయారుచేసే పద్ధతిని రూపొందించాక అది విస్తృతంగా అందుబాటులోకి వచ్చింది. నేడు విపణిలో లభించేది చాలావరకు నైలాన్ లేదా పాలియెస్టర్ పోగులతో యంత్రంపై అల్లినదే. కన్ను చిన్నదిగా, మెత్తగా ఉంటే టుల్ అనీ, కన్ను పెద్దదిగా, గరుకుగా ఉంటే నెట్ అనీ వ్యాపారులు వ్యవహరిస్తారు.

ఈ భేదం కత్తిరించిన అంచు వద్ద కనబడుతుంది. ఆర్గంజా అంచున పోగులు ఒక్కొక్కటిగా ఊడివస్తాయి. అల్లిన నెట్ అంచు ఊడదు. అందుకే నెట్ అంచును మడిచి కుట్టకుండా వదిలినా నష్టం లేదు. ఆర్గంజా కుట్టులో మాత్రం అంచును లోపలికి మడిచి రెండుసార్లు కుట్టకపోతే కొద్ది బరువుకే పోగులు కుట్టు నుంచి జారిపోతాయి.

బిరుసుదనం మూడు విధాలు

మొదటిది సహజమైన జిగురు. పట్టుపోగుపై సెరిసిన్ అనే జిగురు పొర ఉంటుంది. మామూలు పట్టు వస్త్రాలకు దానిని వేడి సబ్బునీటిలో తొలగిస్తారు. పట్టు ఆర్గంజాలో ఉంచివేస్తారు. ఆ వస్త్రం గలగలలాడుతూ నిలబడటానికి ఈ జిగురే కారణం. దానిని వేడి సబ్బునీటిలో ఉతికితే జిగురు కరిగిపోయి, తిరిగి రాని విధంగా మెత్తబడుతుంది. ఒక్క నీటిచుక్క పడినా దాని అంచున వలయం వంటి మరక ఏర్పడవచ్చు.

రెండవది పోగులోనే ఉన్న గట్టిదనం. నైలాన్, పాలియెస్టర్ పోగును కొంత లావుగా తీసి, వేడితో ఆకృతిని స్థిరపరుస్తారు. ఈ బిరుసుదనం నీటితో పోదు. అయితే నైలాన్ కొంత తేమను పీలుస్తుంది. ప్రామాణిక వాతావరణంలో పట్టు తన బరువులో సుమారు 11 శాతం, నైలాన్ 4 శాతం, పాలియెస్టర్ అర శాతంలోపు తేమను నిలుపుకుంటాయి. కోల్‌కతా వంటి నగరంలో క్యాన్‌క్యాన్ పొరకు నైలాన్ కంటే పాలియెస్టర్ నెట్ మేలు అనడానికి ఈ అంకెలే ఆధారం.

మూడవది పైపూత. చవక రకాల నెట్‌కు గంజి లేదా రసాయన పూత పెట్టి గట్టిదనం కల్పిస్తారు. నీటిలో కరిగే పూత తేమకు, చెమటకు, తొలి ఉతుకుకు తొలగిపోతుంది. కొనేముందు దీనిని గుర్తించడం కష్టం కాదు. రెండు వేళ్ల వెడల్పు ముక్కను తీసుకుని నీటిలో ముంచి, పిండకుండా ఆరబెట్టాలి. ఆరిన తరువాత మునుపటిలాగే నిలిస్తే గట్టిదనం పోగుదే. వాలిపోతే అది పూతది. కుట్టి ఉన్న లెహంగాలో లోపలి కుట్టు వద్ద మిగిలిన అంచు నుంచి చిన్న ముక్క తీయవచ్చు.

పూత పోయిన నెట్‌కు గంజి చల్లితే ముదురు రంగులపై తెల్లని పొడి తేలుతుంది. ఆ పొరను మార్చడమే సరైన పరిష్కారం. క్యాన్‌క్యాన్‌ను లెహంగా నడుముకు కుట్టకుండా విడి లోపావడాగా కుట్టించుకుంటే మార్చడం సులభం, ఉతకడమూ సులభం.

పోగు లాగినప్పుడు

ఆర్గంజాకు వెదురు పేడు గానీ, గాజు కొన గానీ తగిలితే ఒక పోగు బయటికి వచ్చి, దాని వెంట వస్త్రం ముడుచుకుని మెరిసే గీత ఏర్పడుతుంది. బయటికి వచ్చిన పోగును కత్తిరించడం సాధారణంగా జరిగే పొరపాటు. కత్తిరిస్తే ముడుత అలాగే ఉండి, అక్కడ రంధ్రం మిగులుతుంది. వస్త్రాన్ని బల్లపై పరచి, గీతకు రెండు వైపులా మొన మొద్దుబారిన సూదితో పోగును కొద్దికొద్దిగా లోపలికి జరపాలి. ముడుత మొదలైన చోటి నుంచి లాగిన చోటికి పని సాగాలి. మిగిలిన కొనను సూదితో లోపలి వైపునకు దించాలి.

నెట్‌లో రంధ్రం పడితే అది తనంతట వ్యాపించదు గాని, బరువు పడే చోట ఉంటే సాగుతుంది. అదే రంగు నెట్ ముక్కను వెనుక ఉంచి, కన్నులను కలుపుతూ ఒంటిపోగు దారంతో వదులుగా కుట్టాలి. బిగించి కుట్టిన చోట చుట్టూ ముడతలు తేలుతాయి.

ధునుచీ నృత్యంలో కొబ్బరిపీచు నిప్పులపై సాంబ్రాణి వేస్తారు. దాని రవ్వ పడిన చోట నైలాన్ కరిగి, చుట్టూ గట్టి అంచుగల చిన్న రంధ్రం కనిపిస్తుంది. అది మరమ్మతు సమస్య మాత్రమే కాదు. గాలి ఆడే ఈ పొరలు వేగంగా అంటుకుంటాయి; కరిగిన పోగు చర్మానికి అతుక్కుంటుంది. ధునుచీ పట్టుకునేవారు నెట్ లెహంగా ధరించకపోవడమే క్షేమం.

ఇస్త్రీ: లోపలి పొర నుంచి పైపొరకు

ముందుగా పోగు ఏదో తెలుసుకోవాలి. లోపలి అంచు నుంచి రెండు మూడు పోగులు తీసి, పట్టకారుతో పట్టుకుని, నీటి తొట్టె వద్ద వెలిగించాలి. జుట్టు కాలిన వాసన వచ్చి, నలిపితే పొడి అయ్యే బూడిద మిగిలితే పట్టు. ముడుచుకుని కరిగి గట్టి పూస మిగిలితే నైలాన్ లేదా పాలియెస్టర్.

ఇస్త్రీ గుర్తులో ఒక చుక్క 110 డిగ్రీల సెల్సియస్‌ను, రెండు చుక్కలు 150 డిగ్రీలను, మూడు చుక్కలు 200 డిగ్రీలను సూచిస్తాయి. నైలాన్‌కు, గుర్తు తెలియని నెట్‌కు ఒక చుక్కను దాటకూడదు. పట్టుకు రెండు చుక్కలు గరిష్ఠ పరిమితి. వీధి చివర బొగ్గుల ఇస్త్రీపెట్టెకు ఉష్ణోగ్రతను నియంత్రించే ఏర్పాటు లేదు గనుక ఈ వస్త్రాలను అక్కడ ఇవ్వరాదు.

ఒక సందర్భాన్ని పరిశీలిద్దాం. జరీ అంచు గల పట్టు ఆర్గంజా, నైలాన్ క్యాన్‌క్యాన్, లైనింగు ఉన్న లెహంగా అష్టమి రాత్రి జల్లుకు తడిసి, మరునాడు ముడతలతో ఉంది. మొదట దానిని తలకిందులు కాకుండా, నడుము పట్టీని రెండు మూడు చోట్ల పట్టి ఉంచి, ఫ్యాను గాలికి నీడలో పూర్తిగా ఆరనివ్వాలి. తరువాత లోపలి వైపు తిప్పి లైనింగును ఇస్త్రీ చేయాలి. క్యాన్‌క్యాన్‌కు ఇస్త్రీపెట్టె తగిలించకుండా, జానెడు దూరం నుంచి ఆవిరి పట్టి చేతితో పొరలను విడదీయాలి. ఈ సమయంలో పైనున్న ఆర్గంజాను పక్కకు తీసి పట్టుకోవాలి. లేకుంటే ఆవిరి చుక్కలు దానిపై మరకలవుతాయి. చివరగా ఆర్గంజాపై పొడి నూలు గుడ్డ పరచి, ఇస్త్రీపెట్టెను జరపకుండా ఒక్కో చోట ఆనించి ఎత్తాలి. జరిపితే నేత ఒరుగుతుంది. జరీని, అతికించిన రాళ్లను తప్పించాలి. వేడికి జిగురు వదులుతుంది.

సింథటిక్ పోగుపై నిగనిగలాడే మచ్చ కనిపిస్తే వేడి ఎక్కువైందని అర్థం. పోగు ఉపరితలం కరిగి చదునైన ఆ మచ్చ తొలగదు. ప్రతిసారీ లోపలి అంచున ముందుగా పరీక్షించాలని చెప్పడానికి ఇదే కారణం.

నిల్వ: తేమ తగ్గిన రోజున

విజయదశమి మరునాడే లెహంగాను పెట్టెలో పెట్టవలసిన పని లేదు. చెమట, సిందూరం పొడి, ధూపపు వాసన వదిలేవరకు నీడలో గాలికి ఉంచాలి. సిందూరాన్ని తడపకుండా దులపాలి. తడిస్తే రంగు పోగులోకి దిగుతుంది. కోల్‌కతాలో డిసెంబరు, జనవరి నెలల పొడి వాతావరణం దీర్ఘకాల నిల్వకు అనువైనది.

పూసలు, అద్దాలు ఉన్న బరువైన లెహంగాను నెలల తరబడి వేలాడదీస్తే నడుము కుట్లు సాగుతాయి. దానిని లోపలి వైపు తిప్పి, పొరల మధ్య పాత నూలు చీర పరచి, వదులుగా చుట్టి పెట్టాలి. అలంకరణ లేని తేలిక లెహంగాను వేలాడదీయవచ్చు. క్యాన్‌క్యాన్‌ను దేని కిందా నొక్కి ఉంచరాదు. పట్టు ఆర్గంజా ఎక్కువ కాలం ఒకే మడతలో ఉంటే ఆ గీత వద్ద పోగులు విరుగుతాయి. మూడు నెలలకొకసారి మడత మార్చాలి.

ప్లాస్టిక్ సంచి లోపలి తేమను బయటికి పోనివ్వదు గనుక బూజు పడుతుంది. నూలు సంచి శ్రేయస్కరం. కలరా ఉండలు నైలాన్, పాలియెస్టర్ నెట్‌కు పెద్దగా ఉపయోగపడవు. పురుగు ఆశించేది పట్టును, ఆహారపు మరకలను. ఉంచదలిస్తే గుడ్డలో కట్టి, జరీకి, ప్లాస్టిక్ చమ్కీలకు తగలకుండా పెట్టాలి.

జూన్‌లో వర్షాలు మొదలయ్యే ముందు ఒకసారి సంచి విప్పి చూడాలి. ముక్కవాసన వస్తే ఆ రోజే గాలికి ఆరవేయాలి. క్యాన్‌క్యాన్ వాలిపోయి ఉంటే కొత్త పొర వేయించడానికి పండుగ రద్దీ మొదలుకాని ఆ నెలలే అనుకూలమైన సమయం.