బోరు అనుమతి అర్జీలో సూచిక, జతపత్రాలు రాసే విధానం

ఏర్పేడు మండలంలో కొత్త బోరు వేయదలచిన రైతు, రిగ్గును పిలవకముందే వాల్టా చట్టం (2002) కింద అనుమతి తీసుకోవాలి. అర్జీని తహశీల్దారు గారి పేరున రాయండి.

‘విషయం’ ఒక్క వాక్యం చాలు: గ్రామం, సర్వే నంబరు, బోరుకు అనుమతి కోరుతున్నట్టు. దాని కిందే ‘సూచిక’. చాలామంది తడబడేది ఇక్కడే. పాసు పుస్తకం నకలు సూచిక కాదు, అది జతపత్రం. సూచికలో మీరు ఆధారం చేసుకునే చట్టం పేరు, ఇంతకుముందు పెట్టిన అర్జీ ఉంటే దాని నంబరు, తేదీ రాయాలి.

ఉదాహరణకు, మీ రెండెకరాల వేరుశనగ చేలో పాత బోరు ఎండిపోయింది, దగ్గరలోనే ఊరి మంచినీటి బోరు ఉందనుకుందాం. తాగునీటి వనరుకు 250 మీటర్ల లోపు బోరు వేయడంపై చట్టంలో కట్టడి ఉంది. కాబట్టి దూరం టేపుతో కొలిచి, ‘కొత్త బోరు స్థలం మంచినీటి బోరుకు 280 మీటర్ల దూరంలో ఉంది, జత 3 చూడగలరు’ అని అర్జీలోనే రాయండి. ‘దూరంగానే ఉంది’ అని రాస్తే ఎవరూ తేల్చలేరు, అర్జీ వెనక్కి వస్తుంది.

చివర సంతకం కింద:

జతపరచినవి:
1. పాసు పుస్తకం నకలు
2. 1బి, అడంగల్
3. దూరం చూపే పటం
4. ఆధార్ నకలు

ప్రతి కాగితం పైమూలన అదే నంబరు వేయండి. రెండో ప్రతిపై తేదీతో ముద్ర వేయించుకోండి. మళ్లీ రాయాల్సి వస్తే మీ సూచిక అదే.