ప్రీమియం రసీదు చిత్రం నుంచి వివరాల సేకరణ

జీవిత బీమా రసీదు ఫొటోలోంచి పాలసీ నంబరు, ప్రీమియం, పన్ను, వాయిదా తేదీలను చదివి ఆదాయపు పన్ను మినహాయింపు లెక్కల్లో నమోదు చేసే పద్ధతి. అక్షరాలను గుర్తించే ఓసీఆర్ సాఫ్ట్‌వేర్ చదివిన అంకెలను సరిచూడటమే ఇందులో అసలు పని.

మొత్తాలను కూడికతో పట్టుకోవచ్చు. 2025 మార్చి 28న వాయిదా ఉన్న ఒక ఎండోమెంట్ పాలసీకి ప్రీమియం రూ.12,000, రెండో ఏడాది నుంచి వర్తించిన 2.25 శాతం జీఎస్టీ రూ.270, మొత్తం రూ.12,270 అనుకుందాం. మాసిన ముద్రలో 12,000ను 12,800గా చదివితే కూడిక కుదరదు. మొత్తాన్ని 1.0225తో భాగిస్తే అసలు ప్రీమియం బయటపడుతుంది. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత జీవిత బీమాపై జీఎస్టీ లేదు కాబట్టి, ఆ తర్వాతి వాయిదాల రసీదుల్లో పన్ను గడి ఖాళీగా ఉంటే సున్నా అని రాయాలి. దాన్ని చదవలేని గడిగా లెక్కించకూడదు.

పాలసీ నంబరుకు ఇలాంటి కూడిక ఆసరా లేదు. పాత రసీదుతోనో బాండుతోనో పోల్చుకోవాల్సిందే.

తేదీల దగ్గరే ఎక్కువమంది తడబడతారు. రసీదు మీద కట్టిన తేదీ, వాయిదా తేదీ, తదుపరి వాయిదా తేదీ పక్కపక్కనే ఉంటాయి. పై వాయిదాను గ్రేస్ గడువులో ఏప్రిల్ 10న కడితే, 80సీ మినహాయింపు 2025-26 ఆర్థిక సంవత్సరానికే చెందుతుంది. అందుకే వాయిదా తేదీతోపాటు కట్టిన తేదీకీ వేరే గడి ఉండాలి.