సగటు కొనుగోలు వెల: అనంతపురం వేరుశనగ నిల్వల లెక్క

ఒకే సరుకును వేర్వేరు రోజుల్లో వేర్వేరు ధరలకు కొని ఒకే గోదాములో వేసినప్పుడు, పెట్టిన మొత్తం ఖర్చును మొత్తం సరుకుకు పంచితే ఒక్కో క్వింటాలుకో, కిలోకో పడే వెలను సగటు కొనుగోలు వెల అంటారు. వాణిజ్యశాస్త్రంలో దీనిని భారిత సగటు పద్ధతి కింద చెబుతారు. ఏ బస్తా ఏ రోజు కొన్నదో తర్వాత గుర్తుపట్టలేని సరుకులన్నింటికీ ఇది పనికొస్తుంది. ధాన్యం, నూనె, సిమెంటు, ఎరువులు అలాంటివే. అనంతపురం ప్రాంతపు వేరుశనగ వ్యాపారంలో ఈ లెక్క ఎలా నడుస్తుందో, ఎక్కడ దారి తప్పుతుందో ఈ వ్యాసం వివరిస్తుంది.

విడతలుగా కొనవలసి రావడం

అనంతపురం పీఠభూమి వర్షచ్ఛాయా ప్రాంతం. ఏడాది సగటు వాన సుమారు 550 మిల్లీమీటర్లు, అదీ మండలానికో తీరుగా పడుతుంది. వర్షాధారపు వేరుశనగను ఎర్రనేలల్లో జూన్, జులై నెలల్లో, వాన ఆలస్యమైతే ఆగస్టులో కూడా విత్తుతారు. పంట మూడున్నర, నాలుగు నెలలది. ఒక ఊళ్ళో అక్టోబరులో చెట్లు పీకుతుంటే, పది మైళ్ళ అవతల ఇంకా కాయ ఊరుతూ ఉంటుంది. బోర్ల కింద వేసిన యాసంగి కాయ వేసవి మొదట్లో వస్తుంది. కాబట్టి కాయలు కొని నిల్వ చేసే వ్యాపారికి గానీ, కాయ ఒలిచి పప్పు అమ్మే మిల్లుకు గానీ ఏడాదికి కావలసిన సరుకు ఒక్కసారిగా దొరకదు.

ధర కూడా నిలకడగా ఉండదు. స్థానిక దిగుబడి ఒక కారణం. గుజరాత్‌లోని సౌరాష్ట్రలో పంట ఎలా ఉంది, వంటనూనెల ధర ఎటు పోతోంది అన్నవి అంతకంటే పెద్ద కారణాలు కావచ్చు. కేంద్ర ప్రభుత్వం ప్రకటించే మద్దతు ధరే 2023-24లో క్వింటాలుకు 6,377 రూపాయలు, 2024-25లో 6,783, 2025-26లో 7,263. బహిరంగ మార్కెట్ ధర దీనికి పైనా కిందా కూడా ఆడుతుంది.

లెక్క

కింది అంకెలు వివరణ కోసం వేసుకున్నవి. ఒక వ్యాపారి అక్టోబరులో 100 క్వింటాళ్ల కాయలు 5,800 రూపాయల చొప్పున, నవంబరులో 60 క్వింటాళ్లు 6,300 చొప్పున కొన్నాడనుకుందాం. బండి బాడుగ, హమాలీ, మార్కెట్ సెస్సు వంటి, సరుకును గోదాము దాకా చేర్చే ఖర్చులన్నీ ఈ ధరల్లోనే కలిపి ఉన్నాయి. కలపడమే సరైన పద్ధతి. సరుకు లోపలికి చేరాక అయ్యే గోదాము అద్దెను మాత్రం మామూలుగా కొనుగోలు వెలలో కలపరు.

రెండు ధరలను కూడి రెండుతో భాగిస్తే 6,050 వస్తుంది. చాలామంది నోటిలెక్కగా చెప్పేది ఇదే, కానీ ఇది తప్పు. తక్కువ ధరకు కొన్నది 100 క్వింటాళ్లు, ఎక్కువ ధరకు కొన్నది 60 మాత్రమే. మొదటి విడత ఖర్చు 5,80,000, రెండో విడతది 3,78,000, మొత్తం 9,58,000. దీనిని 160తో భాగిస్తే క్వింటాలుకు పడిన వెల 5,987.50 రూపాయలు. నోటిలెక్కకూ దీనికీ తేడా క్వింటాలుకు 62.50. చిన్నదిగా కనిపించినా మొత్తం నిల్వ మీద సరిగ్గా 10,000 రూపాయలు.

డిసెంబరులో అతను 80 క్వింటాళ్లు 6,400 చొప్పున అమ్మాడు. అమ్మిన కాయల కొనుగోలు వెల 4,79,000, అమ్మకం మీద వచ్చింది 5,12,000, లాభం 33,000. గోదాములో మిగిలిన 80 క్వింటాళ్ల విలువ కూడా 4,79,000. అమ్మకం వల్ల సగటు మారదని ఇక్కడ గమనించాలి. ఎంత ధరకు అమ్మినా, మిగిలిన సరుకు 5,987.50 దగ్గరే ఉంటుంది. సగటును కదిపేది కొత్త కొనుగోలు.

జనవరిలో మరో 40 క్వింటాళ్లు 7,100 చొప్పున కొన్నాడు. అప్పుడు ఈ సూత్రం వాడాలి:

కొత్త సగటు = (పాత నిల్వ విలువ + కొత్త కొనుగోలు విలువ) ÷ (పాత నిల్వ + కొత్త కొనుగోలు)

అంటే 4,79,000కు 2,84,000 కలిపి 120తో భాగించాలి. వచ్చేది 6,358.33. ఇలా ప్రతి కొనుగోలు దగ్గర ఆగి లెక్క తిరగరాయడాన్ని చర సగటు పద్ధతి అంటారు.

మరికొందరు ఏడాది చివర ఒక్కసారే లెక్క వేస్తారు. మూడు విడతల్లో కొన్నది 200 క్వింటాళ్లు, పెట్టింది 12,42,000 కాబట్టి సగటు 6,210. ఆ ప్రకారం డిసెంబరు అమ్మకం మీద లాభం 15,200 మాత్రమే. ముందు కొన్నదే ముందు అమ్మినట్టు భావించే ఫిఫో పద్ధతిలోనైతే, ఆ 80 క్వింటాళ్లూ 5,800 ధరకు కొన్న అక్టోబరు కాయలే అవుతాయి, లాభం 48,000 తేలుతుంది. కొన్నదీ అమ్మినదీ ఒకటే అయినా లాభం మూడు రకాలు. చివర మిగిలిన 120 క్వింటాళ్ల విలువలో ఈ తేడా ఎదురు దిక్కున కనిపిస్తుంది: ఏడాది సగటులో 7,45,200, చర సగటులో 7,63,000, ఫిఫోలో 7,78,000. అమ్మిన సరుకు వెలనూ మిగిలిన సరుకు విలువనూ కూడితే ఏ పద్ధతిలోనైనా 12,42,000 రావాలి. రాకపోతే పుస్తకంలో ఎక్కడో తప్పు ఉన్నట్టే.

ఏడాది చివరి సగటులో ఒక వింత ఉంది. డిసెంబరులో అమ్మిన కాయల మీద జనవరి ధర భారం కూడా పడుతుంది. అమ్మేనాటికి జనవరి కాయలు కొననే లేదు. రోజువారీ బేరానికి దారి చూపాలంటే చర సగటే నయం. భారతీయ అకౌంటింగ్ ప్రమాణం ఏఎస్ 2 ఇలాంటి కలిసిపోయే సరుకులకు ఫిఫోను, భారిత సగటును అనుమతిస్తుంది. చివర కొన్నది ముందు అమ్మినట్టు రాసే లిఫోకు అందులో చోటు లేదు. ఏ ఏడాదికి ఏది లాభమో చూసుకుని పద్ధతులు మార్చుకుంటూ పోవడానికీ వీల్లేదు.

అదే ప్రమాణం ఇంకో మాట కూడా చెబుతుంది. మార్చి 31న మార్కెట్ పడిపోయి, అమ్మకం ఖర్చులు పోను క్వింటాలుకు 6,100 మాత్రమే చేతికొచ్చే స్థితి ఉంటే, నిల్వను 6,358.33 దగ్గర ఉంచకూడదు. 120 క్వింటాళ్లను 7,32,000 కింద దించాలి. డిసెంబరులో కళ్ళజూసిన 33,000 లాభంలో 31,000 అక్కడే కరిగిపోతుంది.

కాయ ఆరితే మారే వెల

ఇంతవరకు వేసిన లెక్క అక్టోబరు క్వింటాలూ జనవరి క్వింటాలూ ఒకటే అని నమ్ముతుంది. వేరుశనగలో ఆ నమ్మకం చెల్లదు. పొలంలో నాలుగు రోజులు ఎండిన కాయలో కూడా 15 శాతం తేమ ఉండవచ్చు. అలాగే బస్తాల్లో కుక్కితే బూజు పట్టి ఆఫ్లటాక్సిన్ అనే విషం చేరుతుంది. నిల్వకు పనికిరావాలంటే తేమ 8 శాతం దగ్గరికి దిగేలా కళ్లంలో పరిచి ఆరబెట్టాలి.

పై ఉదాహరణలో అక్టోబరు విడత 15 శాతం తేమతో కొన్నదనుకుందాం. వంద క్వింటాళ్లలో నీరు పోను ఉన్నది 85 క్వింటాళ్లు. 8 శాతం తేమ మిగిలేలా ఆరితే ఆ 85 మొత్తంలో 92 శాతం కావాలి కాబట్టి తూకం 92.4 క్వింటాళ్లకు దిగుతుంది. పెట్టిన 5,80,000 మాత్రం అలాగే ఉంది. క్వింటాలుకు పడిన వెల 5,800 నుంచి సుమారు 6,277కు ఎగబాకింది. నవంబరులో 6,300 పెట్టి కొన్న ఎండుకాయకూ దీనికీ ఇక పెద్ద తేడా లేదు. చవకగా దొరికిందనుకున్నదాంట్లో చాలాభాగం నీళ్ళే.

రెండు విడతలూ కలిపితే నిల్వ 160 కాదు, 152.4 క్వింటాళ్లు. సగటు 5,987.50 కాదు, సుమారు 6,286. పాత సగటును నమ్ముకుని 6,200కు బేరం ఒప్పుకున్న వ్యాపారి క్వింటాలుకు 212 రూపాయలు మిగిలిందనుకుంటాడు. నిజానికి 86 రూపాయలు పోగొట్టుకున్నాడు. అది బయటపడేది గోదాము ఖాళీ అయ్యే రోజున. పుస్తకంలో ఇంకా ఏడున్నర క్వింటాళ్ల పైచిలుకు ఉన్నట్టు కనబడుతుంది, గోదాములో ఉండదు. దొంగతనమేమోనని కాపలావాడి మీద అనుమానపడేది కూడా అప్పుడే.

దీనికి విరుగుడు ఆరబెట్టిన తర్వాత మళ్ళీ తూచి, ఆ తూకాన్నే నిల్వ పుస్తకంలో ఎక్కించడం. ఆరుదల వల్ల పోయే తరుగు ముందే తెలిసినది కాబట్టి దాని ఖర్చును మిగిలిన కాయల మీద పంచాలి. అకాల వానకు తడిసి కుళ్ళినదీ, ఎలుకలు తిన్నదీ అలా పంచకూడదు. దాన్ని ఆ ఏడాది నష్టంగా విడిగా రాయాలి. లేకపోతే గోదాము సరిగా కాపాడుకోలేని లోపం కొనుగోలు వెల వేషంలో దాక్కుంటుంది.

తరుగు లేని సరుకులో సగటు ఎప్పుడూ కొన్న ధరల్లో అన్నిటికంటే తక్కువదానికీ ఎక్కువదానికీ మధ్యే ఉంటుంది. ఆ హద్దు దాటితే ఎక్కడో తప్పు జరిగినట్టే. కంప్యూటర్ లెక్కల్లో దీనికి తరచు కారణం కొనుగోలు బిల్లు ఎక్కించకముందే అమ్మకం బిల్లు ఎక్కించడం. నిల్వ సున్నా కిందికి పోతుంది, ఆ తర్వాత వచ్చే సగటుకు అర్థం ఉండదు. వేరుశనగలోనైతే హద్దు దాటడం తప్పు కాకపోవచ్చు, తరుగు వల్ల సగటు పైకి జరగవచ్చు. కిందికి జరిగితే మాత్రం తప్పే.

తాలు కాయల విడత

కాయ ఊరే దశలో వాన మొహం చాటేస్తే పైకి కాయ బాగానే ఉన్నా లోపల గింజ సన్నబడుతుంది, తాలు పెరుగుతుంది. అనంతపురంలో ఇది తరచు జరిగేదే. అలాంటి విడతను మంచి విడతతో కలిపి సగటు తీస్తే లెక్క సరిగ్గానే ఉంటుంది, తెలియవలసిన విషయం మాత్రం తెలియదు.

ఒక మిల్లు 50 క్వింటాళ్ల మంచి కాయను 6,000 చొప్పున, 50 క్వింటాళ్ల తాలు కాయను 5,400 చొప్పున కొన్నదనుకుందాం. కాయ మీద సగటు 5,700. మొదటి రకం క్వింటాలుకు 70 కిలోల పప్పు ఇస్తే, రెండోది 58 కిలోలే ఇచ్చింది. ఒలిపిడి ఖర్చునూ పొట్టు అమ్మితే వచ్చే డబ్బునూ పక్కన పెడితే, మంచి కాయ నుంచి వచ్చిన పప్పు క్వింటాలు 8,571 పడింది, తాలు కాయ నుంచి వచ్చింది 9,310 పడింది. రెండూ కలిపితే 64 క్వింటాళ్ల పప్పుకు సగటు 8,906. పప్పు 9,000కు అమ్మితే సగటు ప్రకారం క్వింటాలుకు 94 రూపాయల లాభం. నిజానికి మంచి విడత మీద 429 వస్తోంది, తాలు విడత మీద 310 పోతోంది. కలిపి రాసిన పుస్తకం చూసినవాడు చవకగా దొరుకుతోందని మళ్ళీ తాలు కాయే కొంటాడు.

అందుకే సగటు తీయడానికి ముందు విడతలు ఒకే రకమా కాదా అన్నది తేల్చుకోవాలి. కొనేముందు బస్తాలోంచి పిడికెడు కాయలు తీసి ఒలిచి, గింజనూ పొట్టునూ వేరుగా తూచి చూస్తే పప్పు శాతం తెలుస్తుంది. నాలుగైదు శాతం తేడా ఉన్న విడతలకు వేరే నిట్టు కట్టి, వేరే పేజీలో వేరే సగటు రాసుకోవాలి.