సగటు వెలుతురు – మూల బల్ల: తరగతి గది దీపాల గణనపై చారిత్రక పరిశీలన

ఒక గదికి ఎన్ని దీపాలు కావాలన్న ప్రశ్నకు ఇరవయ్యవ శతాబ్దారంభం వరకు సులభమైన సమాధానం లేదు. ఒక్కొక్క దీపం నుండి ఒక్కొక్క బిందువుకు చేరే కాంతిని విడిగా గణించి కూడవలసి వచ్చేది. గోడలు, పైకప్పు పరావర్తనం చేసే కాంతి ఆ లెక్కకు అందేది కాదు. అమెరికాలో వార్డ్ హారిసన్, ఎర్ల్ ఆండర్సన్ 1916, 1920లలో ప్రచురించిన ప్రయోగ ఫలితాలతో ల్యూమెన్ పద్ధతి రూపుదిద్దుకొంది. దీపాల కాంతిలో బల్లల ఎత్తుకు చేరే వంతుకే వినియోగ గుణకమని పేరు.

భారతదేశంలో 1966లో వెలువడిన IS 3646 ప్రమాణం ఈ గణనకు ఆధారమైంది. దాని 1992 సవరణ తరగతి గదికి 200–300–500 లక్స్ శ్రేణిని సూచించి, పనిచేసే తలంపై కనిష్ఠ, సగటు వెలుతురుల నిష్పత్తి 0.8కి తగ్గరాదన్నది. ఈ రెండవ నియమమే ఆచరణలో తరచుగా మరుగున పడుతుంది.

జనగామ జిల్లా నర్మెట్ట వంటి మండల కేంద్రంలో పదవ తరగతి విద్యార్థుల సాయంకాలపు ప్రత్యేక తరగతులకు 8 మీ. × 6 మీ. గదిని ఉదాహరణగా తీసుకోవచ్చు. ఫ్యాను రెక్కల నీడ కదలకుండా, దీపాలను రెక్కల కంటే దిగువన, బల్లలకు 2 మీ. ఎత్తున వేలాడదీశారనుకుందాం. అప్పుడు గది సూచిక 48 ÷ (2 × 14), అంటే 1.7. లేతరంగు గోడలకు వినియోగ గుణకం 0.55, దుమ్మును లెక్కించిన నిర్వహణ గుణకం 0.8, ఒక్కో జంట ట్యూబు దీపం కాంతి 4000 ల్యూమెన్లు అనుకుంటే:

N = (300 × 48) / (4000 × 0.55 × 0.8) = 8.2

తొమ్మిది దీపాలను మూడేసి చొప్పున మూడు వరుసలలో అమర్చితే సగటు 330 లక్స్. అదే గదిలో 2000 ల్యూమెన్ల ఒంటి ట్యూబులు నాలుగే ఉంటే సగటు 73 లక్స్. వాటిని గోడలకు బిగిస్తే ఇంకా తక్కువ.

అయితే 330 అనేది సగటు మాత్రమే. మూల బల్లపై వెలుతురెంతో ఈ సూత్రం చెప్పదు. లక్స్ మీటరుతో బల్ల ఎత్తున కొలిచి చూడవలసిందే. ఇంత సూచిక గల గదికి తొమ్మిది కొలతలు చాలునన్నది వాడుక. కాని ఇక్కడ గదిని తొమ్మిది భాగాలు చేస్తే ప్రతి కొలతా సరిగ్గా ఒక దీపం కిందే పడి, లేని ఏకరూపతను చూపుతుంది. కనుక పదహారు భాగాలుగా కొలవాలి. కనిష్ఠం 264 లక్స్‌కు తగ్గకుంటే నియమం నెరవేరినట్లు. ఒకవేళ మూలలో 210 వస్తే నిష్పత్తి 0.64 మాత్రమే. అప్పుడు చివరి వరుసలను గోడల వైపు జరపాలి. దీపాల మధ్య దూరంలో సగానికి బదులు మూడోవంతు దూరంలో ఉంచితే అంచులకు వెలుతురు పెరుగుతుంది. జరిపిన తరువాత మధ్య బల్లలను మళ్ళీ కొలవాలి.

హారిసన్, ఆండర్సన్‌ల పద్ధతి దీపాల సంఖ్యను నిర్ణయించింది. ఆ వెలుతురు మూల బల్ల వద్ద కూర్చున్న విద్యార్థి పుస్తకానికి చేరిందో లేదో తేల్చేది కొలత మాత్రమే.