పదమూడో ఓవర్‌లో ఏడు గుర్తులు

"నీది ఎంతయ్యింది బిడ్డా?"

"నూట నలభై రెండు, సార్."

పెద్దాయన పెన్సిల్ ఆగింది. ఆయన పుస్తకంలో 143 ఉంది.

వనపర్తి పాలిటెక్నిక్ మైదానం. సంక్రాంతి పోయాక వచ్చిన ఆదివారం. వేపచెట్టు కింద ఒక బల్ల, రెండు కుర్చీలు. గాలికి పేజీలు లేవకుండా పుస్తకాల మీద చెరో రాయి. మధ్యలో కాగితం పొట్లంలో ఉడకబెట్టిన పల్లికాయ. గద్వాల జట్టు ఇరవై ఓవర్లు ఆడేసింది. బోర్డు మీద 142 వేలాడుతోంది. వనపర్తి ఓపెనర్లు ప్యాడ్లు కట్టుకుంటున్నారు. పది నిమిషాల్లో ఆట మళ్లీ మొదలవుతుంది. లక్ష్యం 143 అని అందరికీ తెలిసిపోయింది, ఒక్క పెద్దాయనకు తప్ప.

ఆయన వనపర్తి స్కోరర్. బడిలో పీఈటీగా చేసి రిటైరయ్యాడు. పక్కన కూర్చున్నవాడు గద్వాల స్కోరర్, డిగ్రీ రెండో ఏడు. బోర్డు దగ్గరి పిల్లాడు ప్రతి ఓవర్‌కూ కుర్రాడినే అడిగి అంకెలు మార్చాడు. అందుకే బోర్డు మీద కుర్రాడి లెక్క ఉంది. ఆ లెక్కే నిలిస్తే లాభం ఎవరికి? పెద్దాయన సొంత జట్టుకే.

రబ్బరు ఆయన చేతికి అందేంత దూరంలోనే ఉంది. 3 చెరిపేసి 2 చేస్తే చాలు. ఆయన రబ్బరు ముట్టలేదు. "కూడుదాం పా" అన్నాడు.

ముందు బ్యాటర్లు. 41, 12, 33, 8, 19, 4, 6, చివర్లో నాటౌట్‌గా 3, 2. మొత్తం 128. రెండు పుస్తకాల్లోనూ అంతే. తర్వాత ఎక్స్‌ట్రాలు. వైడ్లు 7, బైలు 1, లెగ్‌బైలు 5. ఇక్కడిదాకా రెండూ ఒకటే. నోబాళ్లు మాత్రం ఇక్కడ రెండు, అక్కడ ఒకటి.

"నా లెక్క సరిగ్గనే ఉంది గద సార్!" కుర్రాడి గొంతు పెరిగింది. "బౌలర్ల దిక్కు నుంచి కూడ కూడిన. కలుస్తుంది."

అతను అన్నదీ నిజమే. స్కోరుబుక్కులో ప్రతి పరుగూ రెండు చోట్ల పడుతుంది. బ్యాటర్ల పరుగులకు ఎక్స్‌ట్రాలు కలిపితే జట్టు మొత్తం రావాలి. బౌలర్లు ఇచ్చిన పరుగులకు బైలు, లెగ్‌బైలు కలిపినా అదే అంకె రావాలి, ఎందుకంటే వైడ్లూ నోబాళ్లూ బౌలర్ ఖాతాలోకే పోతాయి గానీ బైలు, లెగ్‌బైలు పోవు. కుర్రాడి పుస్తకంలో 128కి 14 కలిపితే 142. బౌలర్లు ఇచ్చిన 136కి 6 కలిపినా 142. పెద్దాయన పుస్తకంలో 128కి 15 కలిపితే 143. బౌలర్లు ఇచ్చిన 137కి 6 కలిపినా 143. రెండు తక్కెళ్లూ సమంగా నిలబడ్డాయి. ఒక పరుగును రెండు చోట్లా రాయడం మరిచిపోతే పుస్తకం దొంగను పట్టించదు. మరి పట్టించేది ఏది?

నీడ ఇంకో జానెడు జరిగింది. వనపర్తి కెప్టెన్ హెల్మెట్ చంకన పెట్టుకుని వచ్చాడు.

"ఏంది సార్, ఇంకా రాస్తున్నరు?"

"ఒక పరుగు తేడా వస్తున్నది. వాళ్లకు ఇంకొకటి రావాలె."

కెప్టెన్ బోర్డు వైపు చూశాడు. తర్వాత పెద్దాయన వైపు చూశాడు. గొంతు తగ్గించాడు. "బోర్డు మీద నూట నలభై రెండే ఉన్నది గద సార్. వాళ్ల పోరడే రాసుకున్నడు. మనకేంది?"

ఒకప్పుడు గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ అన్నీ మహబూబ్‌నగర్ జిల్లాలోవే. 2016 అక్టోబరు 11న మూడూ వేర్వేరు జిల్లాలయ్యాయి. అప్పటిదాకా పక్క ఊరి జట్టు, ఆ రోజు నుంచి పక్క జిల్లా జట్టు. బరువు పెరిగింది. పెద్దాయన కెప్టెన్‌కు జవాబు చెప్పలేదు. ఒక ఊరి పేరు మాత్రం ఎత్తాడు.

"విజయనగరం యాదికున్నదా?"

2018 జనవరి 11. విజయనగరంలో సయ్యద్ ముస్తాక్ అలీ టోర్నీ. హైదరాబాద్, కర్ణాటక మ్యాచ్. కరుణ్ నాయర్ కొట్టిన బంతిని మెహదీ హసన్ బౌండరీ దగ్గర ఆపాడు. ఆపేటప్పుడు కాలు తాడుకు తగిలింది. అంపైర్లు రెండు పరుగులే ఇచ్చారు. ఇన్నింగ్స్ ముగిసేసరికి కర్ణాటక స్కోరు 203. ఆ తర్వాత రెండు పరుగులు కలిపారు, 205 అయింది. హైదరాబాద్ ఛేజింగ్ సరిగ్గా 203 దగ్గర ఆగింది. సమమైంది, సూపర్ ఓవర్ పెట్టాలని అంబటి రాయుడు జట్టు మైదానం వదల్లేదు. వాదన సాగి సాగి, అదే మైదానంలో ఆ తర్వాత జరగాల్సిన ఆంధ్ర, కేరళ మ్యాచ్‌ను పదమూడు ఓవర్లకు కుదించాల్సి వచ్చింది. రికార్డుల్లో కర్ణాటక రెండు పరుగులతో గెలిచింది.

"బంతి పడకముందు తెగితే అది లెక్క. పడినంక తెగితే అది లొల్లి" అన్నాడు పెద్దాయన. "ఐదు నిమిషాలు ఆగు."

కెప్టెన్ కదల్లేదు. అక్కడే నిలబడ్డాడు.

పెద్దాయన వేలు ఓవర్ల పట్టీ మీదికి పోయింది. ఓవర్ ముగిసిన ప్రతిసారీ జట్టు స్కోరు రాసే నిలువు గడి అది. వేలు కింది నుంచి పైకి పాకింది. ఇరవై, తేడా ఉంది. పద్దెనిమిది, ఉంది. పదిహేను, ఉంది. పద్నాలుగు, ఉంది. పదమూడు: ఇక్కడ 93, అక్కడ 92. పన్నెండు: రెండిట్లోనూ 84.

వేలు అక్కడే ఆగిపోయింది. పోయిన పరుగు పదమూడో ఓవర్‌లో ఉంది.

ఓవర్ అవగానే ఇద్దరూ స్కోరు పైకి చెప్పుకోవాలి. పన్నెండు ఓవర్లు చెప్పుకున్నారు. పదమూడు చివర మైదానంలో కేకలు లేచాయి, చెప్పుకోలేదు. పద్నాలుగులో రెండు వికెట్లు పడ్డాయి. ఎవరు అవుటయ్యారు, ఎవరు పట్టారు అన్న హడావుడిలో మొత్తం అడగడమే మరిచిపోయారు. ఆ మరుపు ఏడు ఓవర్లు దాక్కుంది.

ఇప్పుడు రెండు పుస్తకాల్లో పదమూడో ఓవర్ గడి పక్కపక్కన పెట్టారు. బంతికి ఒక గుర్తు. పరుగు లేకపోతే చుక్క. వైడైతే కూడిక గుర్తు. నోబాలైతే సున్నా చుట్టడం. బైకి త్రికోణం, లెగ్‌బైకి తలకిందుల త్రికోణం.

కుర్రాడు చదివాడు. "ఒకటి. చుక్క. నాలుగు. లెగ్‌బై రెండు. చుక్క. ఒకటి. చుక్క."

"ఎన్ని?"

కుర్రాడు వేలితో లెక్కపెట్టాడు. ముఖంలో రంగు మారింది. ఏడు.

ఆరు బంతుల ఓవర్‌లో ఏడు గుర్తులు. ఒక్క వైడు లేదు. ఒక్క సున్నా లేదు. పెద్దాయన గడిలోనూ ఏడే ఉన్నాయి. కానీ నాలుగో గుర్తు వేరు: చుట్టిన సున్నా, దాన్ని ఆనుకుని తలకిందుల త్రికోణం, లోపల 2. నోబాల్ పడింది, ప్యాడ్‌కు తగిలింది, ఇద్దరూ రెండు పరుగులు తీశారు. నోబాల్‌కు ఒకటి, లెగ్‌బైలు రెండు, మొత్తం మూడు. ఆ ఒకటి బౌలర్‌కు పడుతుంది. ఆ రెండూ పడవు.

"అంపైరే ఒక బంతి ఎక్కువ వేయించిండేమో?" కెప్టెన్ అడ్డుపడ్డాడు.

మాటలో పట్టుంది. అంపైర్ లెక్క తప్పి ఏడో బంతి వేయిస్తే ఆ ఓవర్ అలాగే చెల్లుతుంది, దాని పరుగులూ చెల్లుతాయి. అప్పుడు కుర్రాడి గుర్తులే నిజం. ఒక్క గడిలో రెండు కథలు. ఏది జరిగింది?

పెద్దాయన ఐదో గుర్తు మీద పెన్సిల్ పెట్టాడు. రెండు పుస్తకాల్లోనూ అది చుక్కే. "ఈ బంతికి ఏమైంది, చెప్పు బిడ్డా."

కుర్రాడు కళ్లు మూసుకున్నాడు. మిడిల్ స్టంప్ ఎగిరింది. మైదానమంతా అరిచింది. బ్యాటర్ కదల్లేదు. తను వికెట్ రాయబోతుంటే పెద్దాయన మోచెయ్యి పట్టుకుని ఆపాడు.

"బౌల్డయ్యిండు. కానీ అవుట్ ఇయ్యలే. మీరే అన్నరు సార్, ఆగు, ఫ్రీహిట్ అని."

"ఫ్రీహిట్ ఎప్పుడొస్తది?"

కెప్టెన్ నేల చూశాడు. నోబాల్ పడకుండా ఫ్రీహిట్ రాదు. ఆ బంతికి బౌల్డయినా అవుట్ కాదు. స్టంప్ ఎగరడం మైదానంలో ప్రతి ఒక్కరూ చూశారు, కెప్టెన్ కూడా.

నాగర్‌కర్నూల్ నుంచి వచ్చిన అంపైర్‌ను పిలిచారు. ఆయన ఒక్క నిమిషం తీసుకోలేదు. నోబాల్ ఇచ్చాను, బంతి ఆగాక స్కోరర్ల వైపు తిరిగి మళ్లీ చూపించాను, తర్వాత లెగ్‌బై చూపించాను అన్నాడు.

"ఒక చెయ్యి లేచింది. ఇద్దరూ రాసుకున్నరు అనుకున్న."

లేచింది పెద్దాయన చెయ్యి. కుర్రాడు అప్పుడు తల దించి త్రికోణం గీస్తున్నాడు. తల ఎత్తేసరికి అంపైర్ చెయ్యి మోకాలి మీద ఉంది. లెగ్‌బై ఒక్కటే కనిపించింది.

బోర్డు మీద 2 దిగింది, 3 ఎక్కింది. లక్ష్యం 144. ఆట మొదలైంది.

ఈసారి బల్ల దగ్గర పద్ధతి మారింది. ప్రతి సంకేతానికీ రెండు చేతులు లేచాయి. రెండూ లేచేదాకా అంపైర్ వెనక్కి తిరగలేదు. ఓవర్ అవగానే రెండు గొంతులు ఒకే అంకె పలికాయి. ఎండ పల్చబడింది. పొట్లంలో పల్లికాయ అయిపోయి పొట్టు మిగిలింది. చివరి ఓవర్, చివరి బంతి. వనపర్తి 142కి ఏడు. గెలవాలంటే రెండు.

బంతి మిడ్‌వికెట్ మీదుగా లేచింది, ఒక పరుగు పూర్తయింది, రెండో దానికి బ్యాటర్ తిరిగాడు, బౌండరీ నుంచి విసిరిన బంతి ఒక్కసారి నేలకు తగిలి నేరుగా కీపర్ చేతుల్లో పడింది, దుమ్ములోంచి బెయిల్స్ ఎగిరాయి, అంపైర్ వేలు లేచింది.

బల్ల దగ్గర ఎవరూ అరవలేదు. పూర్తయిన పరుగు లెక్కలోకి వస్తుంది, రెండోది రాదు. బౌలర్ గడిలో 1 మాత్రమే పడింది, వికెట్ గుర్తు పడలేదు, రనౌట్ బౌలర్‌కు చెందదు. బ్యాటర్ పేరు పక్కన 1, ఆ తర్వాత రనౌట్. వికెట్ల పతనం వరుసలో 143కి ఎనిమిది.

"నూట నలభై మూడు" అన్నాడు కుర్రాడు.

"నూట నలభై మూడు" అన్నాడు పెద్దాయన.

స్కోర్లు సమం.

కెప్టెన్ బల్ల దగ్గరికి వచ్చాడు. చెమట పుస్తకం మీద పడకుండా చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. పేజీ వెనక్కి తిప్పాడు. పదమూడో ఓవర్ గడి మీద వేలు పెట్టాడు. పెదవులు కదిలాయి. ఒకటి, రెండు, మూడు... వేలు చుట్టిన సున్నా దగ్గర కాసేపు ఆగి ముందుకు జరిగింది.

"ఏడే ఉన్నయి సార్" అన్నాడు. "పెన్ను ఇయ్యుండ్రి. సంతకం పెడత."