లీజు లెక్కల ఆడిట్: దుకాణాల సంస్థలు

అద్దె భవనాల్లో దుకాణాలు నడిపే సంస్థ, ఆ స్థలాలను వాడుకునే హక్కును ఆస్తిగాను, ముందు ముందు కట్టాల్సిన అద్దెను బాధ్యతగాను సరిగ్గా చూపిందో లేదో పరీక్షించడం ఈ ఆడిట్ పని. భారతదేశంలో దీనికి ఆధారం 2019 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న ఇండ్ ఏఎస్ 116. అంతకుముందు దుకాణం అద్దెను ఖర్చు రాసుకుంటే సరిపోయేది.

పుస్తకాల్లోకి ఎక్కని లీజులు రిజిస్టరు చూస్తే దొరకవు. అందుకే అమ్మకాలు నమోదైన దుకాణాల జాబితాను దాని పక్కన పెట్టి చూస్తారు. లాభనష్టాల ఖాతాలో ఇంకా అద్దె పేరుతో మిగిలిన మొత్తాన్నీ విప్పి చూస్తారు. అమ్మకాల్లో శాతంగా కట్టే అద్దె, 12 నెలలు మించని లీజుల అద్దె అక్కడ ఉండవచ్చు. పదకొండు నెలల ఒప్పందాన్నే ఏటా తిరగరాస్తూ ఆరేళ్లుగా నడుస్తున్న దుకాణం అక్కడ కనిపిస్తే మాత్రం ఆగాల్సిందే.

అసలు చిక్కు లీజు కాలం దగ్గర వస్తుంది. ఒక దుకాణం డీడ్ తొమ్మిదేళ్లకు ఉందనుకుందాం. లాకిన్ మూడేళ్లు, ఆ తర్వాత నోటీసు ఇచ్చి ఖాళీ చేసే వీలు అద్దెదారుకే ఉంది. ఏడాదికి అద్దె 12 లక్షలు, మూడేళ్లకోసారి 15 శాతం పెంపు, డిస్కౌంట్ రేటు 9 శాతం, చెల్లింపు ఏడాది చివర. లాకిన్ వరకే లెక్కిస్తే బాధ్యత సుమారు 30.4 లక్షలు, తొమ్మిదేళ్లకూ లెక్కిస్తే 81.3 లక్షలు. డీడ్ ఒక్కటే, అద్దె ఒక్కటే. మారిందల్లా ‘ఖాళీ చేయరని సహేతుకంగా చెప్పగలమా’ అన్న ప్రశ్నకు యాజమాన్యం ఇచ్చిన జవాబు. అప్పు తక్కువ కనిపించాలనుకునే సంస్థకు మూడేళ్లే ముద్దు.

ఆ జవాబును ఆడిటర్ మాటల మీద నమ్మడు, స్థిరాస్తుల రిజిస్టరు తెరుస్తాడు. అదే దుకాణంలో ఇంటీరియర్‌కు 60 లక్షలు పెట్టి, దానికి ఎనిమిదేళ్ల తరుగుదల వేస్తుంటే మూడేళ్ల లీజు కాలం నిలవడం కష్టం. మూడేళ్లకే వెళ్లిపోయేవారు ఎనిమిదేళ్లకు సరిపడా అలంకరించుకోరు కదా! పాత దుకాణాల్లో లాకిన్ ముగిశాక ఎన్ని మూతపడ్డాయో కూడా అడుగుతాడు. అయితే నష్టాల్లో నడిచే దుకాణానికి ఈ వాదన వర్తించకపోవచ్చు. కాబట్టి అన్నిటికీ ఒకే కాలం వేసిన సంస్థ అనుమానించదగ్గదే.

తేదీ విషయంలోనూ తరచు పొరపాటు జరుగుతుంది. స్థలం జూన్ 1న చేతికొచ్చి, అద్దె లేని మూడు నెలల్లో పనులు చేయించుకుని, సెప్టెంబరు 1న షాపు తెరిచారనుకోండి. లెక్క సెప్టెంబరు నుంచి మొదలుపెట్టడం తప్పు. హక్కు జూన్ 1నే వచ్చింది, తరుగుదలా అప్పటి నుంచే. డీడ్ చదివితే ఇది పట్టుబడకపోవచ్చు. యజమాని తాళాలు అప్పగించినప్పుడు ఇద్దరూ సంతకం చేసిన కాగితాన్ని తెప్పించుకోవాలి.