కర్కట రేఖ.. మకర రేఖ.. ఆర్కిటిక్ వలయం: మీ ఊరు ఏ రేఖల మధ్య ఉంది? ఫోన్‌లోనే ఇలా తెలుసుకోండి

గ్లోబు మీద అడ్డంగా కనిపించే ఐదు ముఖ్యమైన రేఖల గురించి స్కూల్లో అందరూ చదువుకున్నవాళ్లే. భూమధ్యరేఖ, కర్కట రేఖ, మకర రేఖ, ఆర్కిటిక్ వలయం, అంటార్కిటిక్ వలయం. అయితే ఫలానా నగరం ఏ రేఖకు అటు ఉంది, ఇటు ఉంది అని అడిగితే మాత్రం చాలామంది తడబడతారు. దుబాయ్ ఉష్ణమండలంలోనే ఉందనుకుంటారు. భోపాల్ సరిగ్గా కర్కట రేఖ మీదే ఉందనుకుంటారు. రెండూ తప్పే. పోటీ పరీక్షల్లో మార్కులు పోయేది సరిగ్గా ఇలాంటి చోటే. నిజానికి ఒక్క అంకె చూస్తే చాలు, ఏ నగరమైనా ఎక్కడుందో తేలిపోతుంది. ఎలాగో చూద్దాం.

ఇంతకీ ఈ రేఖలు ఎక్కడి నుంచి వచ్చాయి?

భూమి తన అక్షం మీద దాదాపు 23.44 డిగ్రీలు వంగి తిరుగుతోంది. మిగతా నాలుగు రేఖలకూ ఆధారం ఈ వంపే. జూన్ 21 ప్రాంతంలో సూర్యుడు నడినెత్తిన కనిపించే చిట్టచివరి ఉత్తరపు గీత కర్కట రేఖ. డిసెంబర్ 21 లేదా 22న దక్షిణాన అలాంటి చివరి గీత మకర రేఖ. రెండూ భూమధ్యరేఖకు 23.44 డిగ్రీల దూరంలోనే ఉంటాయి.

90లోంచి 23.44 తీసేస్తే వచ్చేది 66.56. ధ్రువ వలయాలు ఉండేది ఆ అక్షాంశం మీదే. అంటే గుర్తుపెట్టుకోవాల్సిన అంకెలు మూడే: 0, 23.44, 66.56. అక్షాంశం 23.44 కంటే తక్కువుంటే ఆ ఊరు ఉష్ణమండలంలో ఉన్నట్టు. 66.56 దాటితే ధ్రువ వలయం లోపల ఉన్నట్టు. మధ్యలో ఉంటే సమశీతోష్ణ మండలం. ఉత్తరమైనా దక్షిణమైనా లెక్క ఇదే.

రాష్ట్రం వేరు.. రాజధాని వేరు

మన దేశంలో కర్కట రేఖ ఎనిమిది రాష్ట్రాల గుండా వెళ్తుంది. పడమర నుంచి తూర్పుకు చూస్తే గుజరాత్, రాజస్థాన్, మధ్యప్రదేశ్, ఛత్తీస్‌గఢ్, జార్ఖండ్, పశ్చిమ బెంగాల్, త్రిపుర, మిజోరం. ఈ జాబితా చాలామందికి కంఠతా వచ్చు. కానీ వీటి రాజధానుల్లో రేఖకు పైన ఉన్నవి ఏవి, కింద ఉన్నవి ఏవి అన్నదే అసలు ప్రశ్న.

గాంధీనగర్, భోపాల్, రాయ్‌పూర్, రాంచీ, కోల్‌కతా.. ఈ ఐదూ రేఖకు దక్షిణాన, అంటే ఉష్ణమండలం లోపల ఉన్నాయి. జైపూర్, అగర్తలా, ఐజ్వాల్.. ఈ మూడూ రేఖకు ఉత్తరాన ఉన్నాయి. వీటిలో రేఖకు అతి దగ్గరగా ఉన్నది రాంచీ. నగరం నడిబొడ్డు నుంచి రేఖ సుమారు 10 కిలోమీటర్ల దూరంలోనే ఉంటుంది. రేఖ ఒక రాష్ట్రం గుండా వెళ్లినంత మాత్రాన ఆ రాష్ట్రంలోని నగరాలన్నీ ఒకే వైపు ఉండవన్నమాట.

తెలుగు రాష్ట్రాల విషయంలో ఈ గొడవే లేదు. ఉత్తరాన ఉన్న ఆదిలాబాద్ అక్షాంశమే 19.7 దాటదు. హైదరాబాద్ 17.39, విశాఖపట్నం 17.69, విజయవాడ 16.5, తిరుపతి 13.6. కాబట్టి తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ రెండూ పూర్తిగా ఉష్ణమండలంలోనే ఉన్నాయి.

ఫోన్‌లో చూడటం ఎలా?

గూగుల్ మ్యాప్స్ తెరిచి, కావాల్సిన చోట వేలు కాసేపు నొక్కి పట్టుకోండి. ఒక పిన్ పడుతుంది, దాంతోపాటు రెండు అంకెలు కనిపిస్తాయి. మొదటిది అక్షాంశం, రెండోది రేఖాంశం. మనకు కావాల్సింది మొదటిదే. దాని ముందు మైనస్ గుర్తు ఉంటే ఆ చోటు భూమధ్యరేఖకు దక్షిణాన ఉన్నట్టు. మైనస్ సంగతి పక్కనపెట్టి అంకెను 23.44తో, 66.56తో పోల్చితే సరి.

ఇప్పుడు భోపాల్ చూద్దాం. ఫోన్‌లో కనిపించే అక్షాంశం సుమారు 23.26. పాఠ్యపుస్తకంలో కర్కట రేఖ ఎక్కడుందంటే 23 డిగ్రీల 26 నిమిషాలు అని ఉంటుంది. ఈ రెండూ పక్కపక్కన చూసి 'అరె, భోపాల్ సరిగ్గా రేఖ మీదే ఉంది' అనుకుంటారు. ఇక్కడే పప్పులో కాలేస్తారు.

డిగ్రీకి 60 నిమిషాలు. గంటకు 60 నిమిషాలున్నట్టే. 26ను 60తో భాగిస్తే 0.43 వస్తుంది. అంటే పుస్తకంలోని 23 డిగ్రీల 26 నిమిషాలు ఫోన్ భాషలో 23.43 చిల్లర, దాన్నే దగ్గరి అంకెకు 23.44 అంటున్నాం. ఫోన్‌లో కనిపించే 23.26 పుస్తకం భాషలో దాదాపు 23 డిగ్రీల 16 నిమిషాలు మాత్రమే. తేడా 0.18 డిగ్రీలు. ఒక డిగ్రీ అక్షాంశం అంటే సుమారు 111 కిలోమీటర్లు కాబట్టి, భోపాల్ రేఖకు దాదాపు 20 కిలోమీటర్ల దక్షిణాన ఉన్నట్టు లెక్క. భోపాల్ నుంచి సాంచి వైపు వెళ్తుంటే దారిలో కర్కట రేఖ గుర్తు కనిపిస్తుంది. జనం ఆగి ఫొటోలు దిగుతుంటారు. సాంచి వచ్చేసరికి రేఖ దాటేసి ఉంటాం. ధ్రువ వలయం దగ్గరా ఇదే జాగ్రత్త అవసరం. 66 డిగ్రీల 34 నిమిషాలంటే 66.34 కాదు, 66.56.

నీడ కూడా చెప్పేస్తుంది

ఫోన్ లేకపోయినా ఒక కర్ర చాలు. ఉష్ణమండలంలో ఉన్న ఊళ్లో ఏడాదికి రెండు రోజులు సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు. ఆ క్షణంలో నిటారుగా పాతిన కర్రకు నీడ పక్కకు పడదు. దీన్నే జీరో షాడో డే అంటున్నారు. హైదరాబాద్‌లో ఇది మే 9, ఆగస్టు 3 ప్రాంతాల్లో వస్తుంది. సమయం మధ్యాహ్నం 12 గంటలు కాదు. మేలో అయితే 12.12 గంటలు, ఆగస్టులో 12.23 గంటల ప్రాంతం. మన గడియారం 82.5 డిగ్రీల రేఖాంశాన్ని బట్టి నడుస్తుంది, హైదరాబాద్ దానికి పడమర ఉంది. అందుకే ఈ ఆలస్యం.

ఈ రెండు తేదీల మధ్య మరో వింత జరుగుతుంది. మిగతా ఏడాదంతా మధ్యాహ్నం నీడ ఉత్తరం వైపు పడుతుంది కదా, ఈ మూడు నెలలూ దక్షిణం వైపు పడుతుంది. జూన్ 21న హైదరాబాద్‌లో మీటరు కర్రకు మిట్టమధ్యాహ్నం దక్షిణం వైపు దాదాపు 10 సెంటీమీటర్ల నీడ ఉంటుంది. అదే రోజు ఢిల్లీలో 9 సెంటీమీటర్ల నీడ ఉత్తరం వైపు పడుతుంది. ఢిల్లీ అక్షాంశం 28.6. అక్కడ సూర్యుడు ఎప్పటికీ నడినెత్తికి రాడు, మధ్యాహ్నం నీడ దక్షిణానికి తిరగదు. రేఖకు ఏ వైపు ఉన్నామో చెప్పే నమ్మకమైన గుర్తు ఇదే. ఒక్క షరతు: రేఖకు పది, ఇరవై కిలోమీటర్ల దూరంలో ఉన్న ఊళ్లలో నీడ తేడా కంటికి ఆనదు. అక్కడ అంకె మీదే ఆధారపడాలి.

గల్ఫ్‌లో ఎండలు సరే.. ఉష్ణమండలం మాత్రం కాదు

తెలుగువాళ్లు పెద్ద సంఖ్యలో పనిచేస్తున్న గల్ఫ్ నగరాలు చూస్తే ఈ విషయం బాగా అర్థమవుతుంది. దుబాయ్ 25.2, దోహా 25.3, కువైట్ సిటీ 29.4. ఎండలు ఎంత మండినా ఇవన్నీ కర్కట రేఖకు ఉత్తరానే ఉన్నాయి. మస్కట్ 23.59. అతి దగ్గరకొచ్చి 17 కిలోమీటర్ల తేడాతో బయటే ఆగింది. జెడ్డా 21.5, కాబట్టి అది లోపల. ఎండ తీవ్రతకు ఎడారి, సముద్రం, ఎత్తు లాంటి కారణాలు చాలా ఉంటాయి. రేఖకు కావాల్సింది సూర్యుడి కోణం ఒక్కటే.

దక్షిణార్ధగోళంలో మకర రేఖ దగ్గర కూడా ఇంతే. బ్రెజిల్‌లోని రియో డి జనీరో 22.9తో లోపల ఉంది, సావో పాలో నడిబొడ్డు 23.55తో బయటపడింది. భూమధ్యరేఖ, మకర రేఖ రెండూ వెళ్లే ఏకైక దేశం బ్రెజిల్. ఖండాల్లో అయితే భూమధ్యరేఖ, కర్కట రేఖ, మకర రేఖ మూడూ దాటేది ఆఫ్రికా ఒక్కటే.

భూమధ్యరేఖ మీద ఫొటో.. 240 మీటర్ల తేడా

భూమధ్యరేఖ దగ్గర చూడాల్సింది మైనస్ గుర్తు ఉందా లేదా అన్నదే. సింగపూర్ 1.35తో ఉత్తరాన, నైరోబీ మైనస్ 1.29తో దక్షిణాన ఉన్నాయి. ఈక్వెడార్ రాజధాని క్విటో దగ్గర భూమధ్యరేఖకు గుర్తుగా పెద్ద స్మారకం కట్టారు. నేల మీద గీసిన గీతకు అటొక కాలు, ఇటొక కాలు వేసి పర్యాటకులు ఫొటోలు దిగుతారు. కానీ జీపీఎస్ లెక్క ప్రకారం అసలు రేఖ అక్కడికి దాదాపు 240 మీటర్ల ఉత్తరాన ఉంది. స్మారకం ఉన్నచోటే రేఖ ఉందని అనుకోకూడదనడానికి ఇదొక ఉదాహరణ.

అర్ధరాత్రి సూర్యుడు కనిపిస్తే ఆర్కిటిక్‌లో ఉన్నట్టేనా?

అవసరం లేదు. ఆర్కిటిక్ వలయం నార్వే, స్వీడన్, ఫిన్లాండ్, రష్యా, అమెరికాలోని అలాస్కా, కెనడా, డెన్మార్క్‌కు చెందిన గ్రీన్‌లాండ్, ఐస్‌లాండ్‌కు చెందిన గ్రిమ్సే దీవి గుండా వెళ్తుంది. రష్యాలోని మర్మాన్స్క్ 68.97, నార్వేలోని ట్రోమ్సో 69.65. రెండూ వలయం లోపలివే. ఐస్‌లాండ్ రాజధాని రెయిక్యావిక్ మాత్రం 64.15తో బయటే ఉంది.

ఫిన్లాండ్‌లోని రోవానియెమీది మరో కథ. శాంటాక్లాజ్ ఊరుగా పేరున్న ఈ పట్టణం నడిబొడ్డు 66.50 మీద, అంటే వలయానికి 7 కిలోమీటర్లు బయట ఉంది. అయినా జూన్‌లో అక్కడ అర్ధరాత్రి సూర్యుడు కనిపిస్తాడు. గాలి పొరలు వెలుగును వంచడం, సూర్యుడు చుక్కలా కాకుండా పళ్లెంలా ఉండటం ఇందుకు కారణం. దీనివల్ల వలయానికి సుమారు 90 కిలోమీటర్ల దక్షిణం దాకా అర్ధరాత్రి సూర్యుడి అంచు కనిపించే వీలుంది.

దక్షిణాన అంటార్కిటిక్ వలయం లోపల నగరాలే లేవు. పరిశోధన కేంద్రాలే ఉన్నాయి. భారత్‌కు చెందిన మైత్రి, భారతి కేంద్రాలు రెండూ వలయం లోపలే ఉన్నాయి.

రేఖలు కూడా కదులుతున్నాయి

భూమి వంపు మెల్లగా తగ్గుతోంది. అందుకే కర్కట, మకర రేఖలు ఏటా సుమారు 15 మీటర్ల చొప్పున భూమధ్యరేఖ వైపు జరుగుతున్నాయి. ధ్రువ వలయాలు అంతే వేగంతో ధ్రువాల వైపు తగ్గుతున్నాయి. భూమధ్యరేఖకు మాత్రం ఈ కదలిక లేదు. వందేళ్లకు తేడా కిలోమీటరున్నర. భోపాల్, రాంచీ ఇప్పుడున్న వైపే ఉంటాయి. పాతకాలపు రాయి పాతిన చోట మాత్రం రేఖ ఈపాటికే పక్కకు జరిగి ఉండొచ్చు.